పదిలో ఆరు అంటే ఎంత నొప్పి?

‘నొప్పి నివారణపై రోగుల అనుభవాలు’ అని టాపిక్ రాసుకున్న విద్యార్థికి మొదటి రోజే ఒక చిక్కు ఎదురవుతుంది. నొప్పిని అంకెల్లో కొలిచి లెక్కలు కట్టాలా, లేక రోగుల పక్కన కూర్చుని వాళ్లు చెప్పేది వినాలా? మొదటిదాన్ని పరిమాణాత్మక పరిశోధన అంటారు, రెండోదాన్ని గుణాత్మక పరిశోధన అంటారు. కాలేజీల్లో క్వాంటిటేటివ్, క్వాలిటేటివ్ అన్న పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. చాలామంది విద్యార్థులు తమకు స్టాటిస్టిక్స్ అంటే భయమా కాదా అన్నదాన్ని బట్టి ఇందులో ఒకటి ఎంచుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఏది ఎంచుకోవాలో తేల్చేది విద్యార్థి ఇష్టం కాదు, అడగదలచుకున్న ప్రశ్న.

ప్రభుత్వ బోధనాసుపత్రిలోని బాలింతల వార్డునే తీసుకుందాం. సిజేరియన్ అయిన తల్లులకు మొదటి 48 గంటల్లో నొప్పి ఎలా తగ్గిస్తున్నారన్నది ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థిని ఒకరు ఎంచుకున్న అంశం అనుకుందాం. వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఆ తర్వాత కోత దగ్గర ఒక రకం నొప్పి మొదలవుతుంది. గర్భసంచి ముడుచుకునేటప్పుడు, ముఖ్యంగా బిడ్డ పాలు తాగుతున్నప్పుడు, మరో రకం నొప్పి వస్తుంది. పారాసెటమాల్, డైక్లోఫినాక్, అవసరమైతే ట్రమడాల్ వేళప్రకారం ఇస్తారు. నర్సు వచ్చి ‘నొప్పి పదిలో ఎంతుందమ్మా?’ అని అడిగినప్పుడు కదలకుండా పడుకున్న తల్లి ‘మూడు’ అంటుంది. చార్టులో 3 పడుతుంది. అరగంట తర్వాత బిడ్డ ఏడిస్తే, పక్కకు ఒత్తిగిలి లేవబోయి మంచం కమ్మీ పట్టుకుని ఆగిపోతుంది. అప్పుడు అడిగితే అదే తల్లి ‘ఎనిమిది’ అంటుంది. ఈ రెండు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు.

ఈ ఒక్క దృశ్యం నుంచే రెండు వేర్వేరు ప్రశ్నలు పుడతాయి. ‘సిజేరియన్ తర్వాత మొదటి రోజు కదిలినప్పుడు నొప్పి 4 లేదా అంతకంటే ఎక్కువగా ఉన్న తల్లులు నూటికి ఎందరు?’ అన్నది ఒకటి. ‘లేవలేనంత నొప్పి ఉన్నా ఆ తల్లి మందు ఎందుకు అడగలేదు?’ అన్నది రెండోది. ఎందరు, ఎంత, ఏది ఎక్కువ అన్నవాటికి అంకెలు కావాలి. ఎలా, ఎందుకు, ఏమనుకుని అన్నవాటికి మాటలు కావాలి. అంశం ఒకటే అయినా ఈ రెంటినీ ఒకే ప్రశ్నావళితో తేల్చడం కుదరదు.

మొదటి ప్రశ్న తీసుకుంటే ముందుగా లెక్క కట్టాల్సింది ఎంతమంది తల్లులు కావాలన్నది. నూటికి ఎందరికి తీవ్రమైన నొప్పి ఉంటుందో ముందుగా తెలియకపోతే సగం మందికి అనుకుని, ఫలితం పది శాతం అటూ ఇటూ ఉన్నా సరిపోతుందనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

`n = 1.96² × 0.5 × 0.5 ÷ 0.1² ≈ 96`

అంటే దాదాపు వంద మంది. అయిదు శాతం తేడాకు మించకూడదంటే అదే లెక్క 384కు చేరుతుంది. రెండు నెలల్లో ఒక్క విద్యార్థిని అంతమందిని కలవగలదా అన్నది అప్పుడు వార్డు రిజిస్టరు చూసి తేల్చుకోవాలి. ప్రశ్న రెండు పద్ధతుల మధ్య పోలికైతే లెక్క మారుతుంది. మందు వేళప్రకారం ఇచ్చినవాళ్లకూ, అడిగినప్పుడే ఇచ్చినవాళ్లకూ నొప్పి సగటున 2 పాయింట్లు తేడా ఉంటుందని, తల్లికీ తల్లికీ మధ్య హెచ్చుతగ్గుల కొలత 2.5 పాయింట్లని అనుకుంటే, ఒక్కో గుంపులో 25 మంది చాలు. ఒక్క పాయింటు తేడాను కూడా పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు 98 మంది కావాలి. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు కావాలన్నమాట. దీన్ని మరిచిపోయి అరవై మందితో సరిపెట్టి, చివరికి ‘తేడా ఏమీ లేదు’ అని రాసిన ప్రాజెక్టులు లైబ్రరీ అల్మారాల్లో చాలానే ఉంటాయి. తేడా లేకపోవడం వేరు, ఉన్న తేడాను పట్టుకోగలిగినంత మంది లేకపోవడం వేరు.

ఎప్పుడు కొలుస్తున్నారన్నదీ అంతే ముఖ్యం. ఆపరేషన్ అయిన 6, 12, 24, 48 గంటలకు అని ముందే నిర్ణయించుకుని, ప్రతిసారీ పడుకున్నప్పుడు ఒకసారి, లేచి కూర్చున్నప్పుడు ఒకసారి అడగాలి. చివరి మందు ఇచ్చి ఎంతసేపైందో పక్కనే రాసుకోవాలి. ఇంజెక్షన్ ఇచ్చిన గంటకు తీసుకున్న అంకెనూ, ఆరు గంటలకు తీసుకున్న అంకెనూ కలిపి సగటు కడితే ఆ సగటు ఎవరి నొప్పినీ చెప్పదు. పదిలో ఎంత అన్న ప్రశ్న అందరికీ ఒకేలా అర్థం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. బడికి వెళ్లని తల్లి ‘రూపాయిలో ముప్పావలా తగ్గింది’ అని తడుముకోకుండా చెబుతుంది కానీ సున్నా నుంచి పది దాకా గీసిన గీత ముందు తటపటాయిస్తుంది. అందుకే అసలు పని మొదలెట్టకముందు పది మందితో ఆ స్కేలును తెలుగులో పరీక్షించి చూడాలి.

ఇక్కడే ఒక పెద్ద గుంట ఉంది. అనుభవం అనగానే చాలామంది ‘నొప్పి నివారణతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?’ అన్న ప్రశ్నను అయిదు గడుల్లో పెట్టేస్తారు. దాదాపు అందరూ ‘బాగుంది’ దగ్గర టిక్కు పెడతారు. నొప్పి ఎక్కువగా ఉందన్న రోగులే చికిత్సతో తృప్తిగా ఉన్నామని చెప్పడం ఆపరేషన్ తర్వాతి నొప్పి మీద పనిచేసిన పరిశోధకులకు దశాబ్దాలుగా తెలిసిన వింతే. కోత కోశాక నొప్పి తప్పదని ముందే మనసుకు చెప్పుకున్నవాళ్లకు ఎంత నొప్పి వచ్చినా అది అనుకున్నదే. సిస్టర్ ప్రేమగా మాట్లాడితే ఆ మాటకు వేసిన మార్కులు మందు ఖాతాలో పడతాయి. పైగా అడుగుతున్న అమ్మాయి కూడా యూనిఫాంలోనే ఉంటుంది. రేపు డిస్చార్జి దాకా తనను చూసుకోవాల్సినవాళ్ల గురించి తక్కువ చేసి చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది? నొప్పి 7, సంతృప్తి 5కు 5 అని ఒకే కాగితం మీద కనిపిస్తే, ఇక అంకెలు చెప్పగలిగింది అయిపోయిందని అర్థం.

గుణాత్మక పరిశోధన పని మొదలయ్యేది అక్కడే. ఇందులో వంద మంది అక్కర్లేదు. ఒకే రకమైన మనుషుల గుంపులో 12 ఇంటర్వ్యూలలోపే కొత్త విషయాలు రావడం చాలావరకు ఆగిపోయిందని గెస్ట్, ఆయన సహచరులు 2006లో చూపించారు. విద్యార్థులు ఆ 12ను పట్టుకుంటారు కానీ, అది ఒకే తరహా మనుషులను అడిగినప్పటి మాట అని మరిచిపోతారు. తొలి కాన్పు, రెండో కాన్పు, ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్, అర్ధరాత్రి హడావుడిగా చేసిన ఆపరేషన్, ఇలా వేర్వేరు అనుభవాలున్నవాళ్లను ఏరికోరి ఎంచుకుంటే సంఖ్య పెరుగుతుంది. కొత్త సంగతి రావడం ఆగిందా లేదా అన్నదే కొలబద్ద. ఎథిక్స్ కమిటీ సంఖ్య అడిగితే 12 నుంచి 18 అని రాసి, ఎక్కడ ఆపుతారో, ఎలా తెలుసుకుంటారో కూడా వివరించాలి.

ప్రశ్న అడిగే తీరులోనే సగం పని ఉంది. ‘మందు టైముకు ఇచ్చారా అమ్మా?’ అంటే ‘ఇచ్చారు మేడమ్’ అని సమాధానం వస్తుంది, ఇంటర్వ్యూ అక్కడితో ముగుస్తుంది. ‘నిన్న రాత్రి మత్తు దిగినప్పటి నుంచి ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమ్మా’ అంటే కథ వస్తుంది. ‘అడుగుదామనుకున్నా మేడమ్, ఈలోగా మా అత్త ఓర్చుకో, మాకు ఇంజక్షన్లే లేవు అంది. పాలల్లో మందు దిగుతుందేమోనని కూడా ఊరుకున్నా’ లాంటి జవాబు వస్తే, ఒక్క వాక్యంలో రెండు కారణాలు దొరికినట్టు. ఒకటి నొప్పి ఓర్చుకోవడం తల్లి పని అన్న ఇంట్లో వాళ్ల మాట. రెండోది బిడ్డ గురించిన భయం. ఏ అయిదు గడుల ప్రశ్నావళిలోనూ ఈ రెండు గడులు ముందే ఉండవు. మంచం చుట్టూ అత్తా, అమ్మా, ఆడపడుచూ ఉన్నప్పుడు ఈ మాట బయటికి రాదు కాబట్టి, పక్క గదో వరండా చివరో దొరికేలా హెడ్ సిస్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఆ మాటలను రికార్డు చేసి, ఉన్నదున్నట్టు రాసుకోవాలి. గంట రికార్డింగు రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. కష్టపడటం ఇష్టంలేక గుణాత్మకం ఎంచుకున్నవాళ్లు బెంబేలెత్తేది ఈ దశలోనే. రాసుకున్నదాన్ని తెలుగులోనే ఉంచి విశ్లేషించడం మేలు. సలుపు, పోటు, మంట, తీపు, గుంజుడు అన్నవి వేర్వేరు నొప్పులు. మెల్జాక్ 1975లో ప్రచురించిన మెగిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే ఇంగ్లిష్ మాటలు 78 ఉన్నాయి. వాటిలో దేనికి సలుపు సరిపోతుందో వెతుక్కోవడం కంటే సలుపును సలుపుగానే ఉంచి, రిపోర్టులో దాని అర్థం వివరించడం నిజాయితీ. తర్వాత ప్రతి మాటముక్కకూ ఒక పేరు పెట్టి, దగ్గరగా ఉన్నవాటిని కలుపుకుంటూ పోవాలి. ‘అత్త మాట’, ‘పాలల్లో మందు’, ‘సిస్టర్ తిడుతుందేమో’ అన్న చిన్న పేర్లు చివరికి ‘అడగడానికి అడ్డుపడేవి’ అన్న ఒక పెద్ద విషయం కిందికి చేరతాయి.

పద్ధతి తప్పిందని రిపోర్టు చూడగానే తెలిసిపోయే గుర్తులు రెండున్నాయి. 12 మందితో మాట్లాడి ‘75 శాతం తల్లులు మందు అడగలేదు’ అని రాస్తే అది అంకెల వేషం. ఏరికోరి ఎంచుకున్న తొమ్మిది మంది ఊళ్లోని తల్లులందరికీ ప్రతినిధులు కారు. ప్రశ్నావళి చివర ‘ఇతర వ్యాఖ్యలు’ అని రెండు గీతలు వదిలి, అందులో పడిన ‘అంతా బాగుంది’లను గుణాత్మక ఫలితాలనడం రెండోది.

రెండు పద్ధతులనూ ముడివేయాలన్న ఆశ చాలామంది విద్యార్థులకు ఉంటుంది. ముందు అంకెలు తీసి, వాటిలో అర్థం కానివాళ్లను వెతికి మాట్లాడించడం అన్న పద్ధతి నిజంగానే ఉంది, అది మంచిదే. పైన చెప్పిన నొప్పి 7, సంతృప్తి 5 తల్లులనే పిలిచి కూర్చోబెట్టడం దానికి చక్కని ఉదాహరణ. కానీ 96 మంది కొలతలూ, తర్వాత 12 ఇంటర్వ్యూలూ, వాటి రాతా రెండు నెలల్లో ఒకరి వల్ల కావు. రెండూ సగంసగం చేయడం కంటే ఒకటి పూర్తిగా చేయడమే మేలు. వార్డులో నొప్పి స్కోర్లు ఇప్పటికే చార్టుల్లో రాస్తున్నచోట ఎందరికి అన్న ప్రశ్నకు కొంత జవాబు ఉన్నట్టే కాబట్టి, అక్కడ మాటల పరిశోధనే కొత్త సంగతి తెస్తుంది. స్కోరు రాసే అలవాటే లేని వార్డులో ముందు కావాల్సింది అంకెలు. అవి లేకుండా మందుల వేళలు మార్చమని ఎవరినీ ఒప్పించడం కష్టం.

ఏది ఎంచుకున్నా ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి. అడుగుతున్న సమయంలో తల్లి నొప్పి 7 లేదా అంతకంటే ఎక్కువ అంటే ఫారం అక్కడే పక్కన పెట్టి, డ్యూటీ సిస్టర్‌కు చెప్పి మందు ఇప్పించాలి. ఆ తల్లి అంకెను అలాగే ఉంచి, ‘మధ్యలో మందు ఇవ్వబడింది’ అని సమయంతో సహా నమోదు చేయాలి. ఇంటర్వ్యూ అయితే ఆరోజుకు ఆపేసి, ఆమె సరేనంటే మర్నాడు మళ్లీ వెళ్లాలి.