మూడుంపావుకు ముళ్ళు కలవవు

మా మేనకోడలు రైల్వే ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పుస్తకం పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "మామయ్యా, మూడుంపావుకి పెద్ద ముల్లు మూడు మీద ఉంటుంది, చిన్న ముల్లూ మూడు మీదే ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటే మధ్య కోణం సున్నా కదా? జవాబుల పేజీలో ఏడున్నర డిగ్రీలని వేశారు. అచ్చుతప్పేమో చూడు" అంది.

నోటితో చెప్పడం కంటే చూపించడం నయమనిపించి, హాల్లో గోడకున్న గడియారాన్ని దించాను. ముందున్న అద్దం ఊడదీసి, వెనక టైము మార్చే చిన్న చక్రాన్ని తిప్పి మూడు గంటలకు పెట్టాను. అక్కణ్ణించి పెద్ద ముల్లు మూడు అంకె మీదికి వచ్చేదాకా ఆమెనే మెల్లగా తిప్పమన్నాను. పెద్ద ముల్లు కదులుతుంటే చిన్న ముల్లు కూడా కదలడం ఆమె కళ్ళారా చూసింది. పెద్దది మూడును చేరేసరికి చిన్నది అక్కణ్ణించి జరిగిపోయింది. వెంటనే జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి ముళ్ళ మీద పెట్టింది. "సున్నా కాదు, నిజమే. కానీ ఏడున్నరా కాదు మామయ్యా, పదకొండు దాటింది" అంది. పుస్తకం ఒకటి చెబుతుంటే మా గడియారం ఇంకొకటి చెబుతోంది. ఆ తేడా సంగతి తేలాలంటే ముందు లెక్క తెలియాలి.

ఈ లెక్కలో తప్పంతా ఒక్క చోటే జరుగుతుంది. "టైము మూడుంపావు" అనగానే చిన్న ముల్లు మూడు దగ్గర పాతేసినట్టు ఉందనుకుంటాం. నిజానికి అది మూడు నుంచి నాలుగుకు అరవై నిమిషాల పాటు ఆగకుండా నడుస్తుంది. ముళ్ళున్న మామూలు గడియారం లోపల ఏ మోటారూ చిన్న ముల్లును విడిగా తిప్పదు. పెద్ద ముల్లు ఇరుసు నుంచే పళ్ళ చక్రాలు వేగాన్ని తగ్గించి చిన్నదానికి అందిస్తాయి. సాధారణంగా ఒక జత చక్రాలు వేగాన్ని మూడో వంతు చేస్తే, ఇంకో జత దాన్ని మళ్ళీ నాలుగో వంతు చేస్తుంది. మొత్తం మీద పన్నెండో వంతు. పెద్దది పన్నెండు చుట్లు తిరిగితే చిన్నది ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రాల పళ్ళు ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయి కాబట్టి ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు.

ఇక డిగ్రీల్లోకి వద్దాం. గడియారం చుట్టూ మొత్తం 360 డిగ్రీలు. పెద్ద ముల్లు ఆ చుట్టును 60 నిమిషాల్లో పూర్తిచేస్తుంది కనుక నిమిషానికి 6 డిగ్రీలు నడుస్తుంది. చిన్నది అందులో పన్నెండో వంతు, అంటే నిమిషానికి అర డిగ్రీ, గంటకు 30 డిగ్రీలు. రెండింటి స్థానాన్నీ పన్నెండు అంకె దగ్గర్నుంచే కొలుద్దాం. గంటను H అని, నిమిషాలను M అని అనుకుంటే, పెద్ద ముల్లు పన్నెండు నుంచి 6M డిగ్రీల దూరంలో ఉంటుంది. చిన్నది గంటలకు 30H, ఆపైన గడిచిన నిమిషాలకు 0.5M, కలిపి 30H + 0.5M డిగ్రీల దూరంలో ఉంటుంది. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదే కోణం:

కోణం = |30H − 5.5M|

రెండు పక్కలా ఉన్న నిలువు గీతలకు అర్థం, జవాబు మైనస్‌లో వచ్చినా ఆ గుర్తు పట్టించుకోవద్దని. ఏ ముల్లు ముందుంది, ఏది వెనకుంది అన్నది కోణానికి అక్కర్లేదు. పన్నెండు గంటలప్పుడు H బదులు 12 కాకుండా సున్నా వేసుకోవాలి. మూడుంపావుకు 30 × 3 అంటే 90, 5.5 × 15 అంటే 82.5. తేడా 7.5. పుస్తకంలో అచ్చుతప్పు లేదు.

ఈ సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్ళు కూడా ఒకచోట జారుతారు. రెండు ముళ్ళ మధ్య ఎప్పుడూ రెండు కోణాలుంటాయి, ఒకటి లోపలి వైపు, రెండోది చుట్టూ తిరిగి వచ్చే వైపు. రెండూ కలిపితే 360. సూత్రం ఒక్కోసారి చుట్టు దారిది చేతికిస్తుంది. పది గంటల పది నిమిషాలు తీసుకోండి. 300లోంచి 55 తీసేస్తే 245. గడియారం వంక చూస్తే ముళ్ళ మధ్య అంత వెడల్పు కనిపించదు. జవాబు 180 దాటితే దాన్ని 360లోంచి తీసేయాలి. అప్పుడు 115 వస్తుంది. పరీక్షలో ప్రత్యేకంగా పెద్ద కోణం అడిగితే తప్ప 115నే రాయాలి.

పది పది అంటే వాచీల ప్రకటనలు గుర్తొస్తాయి. రెండు ముళ్ళూ రెండు చేతులు పైకెత్తినట్టు అందంగా ఉంటాయని ఎక్కువగా ఆ టైము దగ్గరే పెడతారు. కానీ సరిగ్గా పది పదికి ఆ రెండు చేతులూ సమానంగా ఉండవు. పెద్ద ముల్లు పన్నెండుకు కుడివైపు 60 డిగ్రీలుంటే, చిన్నది ఎడమవైపు 55 డిగ్రీలే ఉంటుంది. పది దాటాక అదీ పది నిమిషాలు నడిచింది మరి. రెండూ సమానంగా ఉండేది పది గంటల తొమ్మిది నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర. ఇంకో ముచ్చట కూడా ఉంది. ఒంటిగంట యాభై నిమిషాలకు కోణం లెక్కేయండి. 30లోంచి 275 తీసేస్తే మైనస్ 245, గుర్తు వదిలేసి 360లోంచి తీస్తే మళ్ళీ 115. పది పది చూపే గడియారాన్ని అద్దంలో చూస్తే ఒంటిగంట యాభై కనిపిస్తుంది. అద్దం కుడిఎడమలను మారుస్తుంది గానీ మధ్య కోణాన్ని మార్చలేదు.

పరీక్షల్లో అసలు కష్టం ప్రశ్న తిరగబడినప్పుడు వస్తుంది. టైము చెప్పి కోణం అడగడం పోయి, కోణం చెప్పి టైము అడుగుతారు. మా మేనకోడలు పుస్తకంలో ఇలా ఉంది: నాలుగుకీ ఐదుకీ మధ్య ముళ్ళు లంబకోణంలో ఎప్పుడుంటాయి? H స్థానంలో 4 వేస్తే 120 − 5.5M. ఇది 90 కావచ్చు, మైనస్ 90 కూడా కావచ్చు. మొదటిదయితే 5.5M = 30, కాబట్టి M అయిదు నిమిషాల 27 సెకన్లు. అప్పటికి పెద్ద ముల్లు చిన్నదానికి 90 డిగ్రీలు వెనక ఉంటుంది. రెండోదయితే 5.5M = 210, M దాదాపు 38 నిమిషాల 11 సెకన్లు. ఈసారి పెద్దది చిన్నదాన్ని దాటేసి 90 డిగ్రీలు ముందుంటుంది. రెండూ సరైన జవాబులే. మా అమ్మాయి మొదటిదాంతోనే ఆపేసింది.

రెండు ముళ్ళూ నిజంగా కలిసే టైములు కావాలంటే కోణం సున్నా అనుకుంటే చాలు. 5.5M = 30H. మూడు దాటాక M = 90 ÷ 5.5, అంటే 16 నిమిషాల 22 సెకన్ల దగ్గర కలుస్తాయి. మూడుంపావుకు పెద్ద ముల్లు చిన్నదాన్ని ఇంకా అందుకోలేదు, ఆ మిగిలిన ఏడున్నర డిగ్రీలు పూడ్చుకోవడానికి మరో నిమిషం 22 సెకన్లు పట్టింది. ఇక పదకొండు దాటాక ఎప్పుడు కలుస్తాయో చూడండి. 330 ÷ 5.5 సరిగ్గా 60 వస్తుంది. పదకొండు గంటల అరవై నిమిషాలంటే పన్నెండే. పదకొండుకీ పన్నెండుకీ నడుమ ముళ్ళు కలవనే కలవవని సూత్రం దానంతటదే చెప్పేసింది. అందుకే పన్నెండు గంటల్లో ముళ్ళు కలిసేది పన్నెండుసార్లు కాదు, పదకొండుసార్లు. రోజుకు 24 సార్లనుకుని టిక్కు పెట్టేవాళ్ళు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు, జవాబు 22. ఒక కలయికకూ తర్వాతి కలయికకూ మధ్య రెండుసార్లు లంబకోణం వస్తుంది కాబట్టి లంబకోణాలు రోజుకు 44.

సెకన్లు కూడా ఇస్తే వాటిని నిమిషంలో భాగంగా మార్చి M లో కలుపుకోవాలి. పది నిమిషాల ముప్ఫై సెకన్లంటే M = 10.5. డయలు మీద 24 గంటలూ ఉండే గడియారమైతే చిన్న ముల్లు రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది, అప్పుడు ఈ సూత్రం పనికిరాదు. గంటకు 30 బదులు 15 డిగ్రీలు, నిమిషానికి అర బదులు పావు డిగ్రీ వేసుకుని మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవాలి.

ఇంతకీ మా గడియారం పదకొండు దాటి ఎందుకు చూపించింది? సూత్రం చేతిలో ఉంది కాబట్టి గడియారాన్నే పరీక్షపెట్టాం. పెద్ద ముల్లును పన్నెండు మీద ఉంచుతూ మూడు, ఆరు, తొమ్మిది గంటలకు కోణాలు కొలిచాం. సూత్రం ప్రకారం వరసగా 90, 180, 90 రావాలి. మాకు మూడింటికి 94, ఆరింటికి 176, తొమ్మిదింటికి 86 వచ్చాయి. ఆ అంకెలు చూడ్డానికి పొంతన లేనట్టున్నాయి. కాసేపు చూశాక ఆమే పట్టుకుంది. "అన్నిచోట్లా చిన్న ముల్లు నాలుగు డిగ్రీలు ముందుకుంది మామయ్యా" అంది. మూడింటికి ఆ నాలుగు కోణాన్ని పెంచింది. ఆరింటికి ముల్లు 184 దగ్గర ఉంది, చిన్న కోణం తీసుకుంటే 176. తొమ్మిదింటికి 274 దగ్గర ఉంది, 360లోంచి తీస్తే 86. తేడా అన్ని గంటల దగ్గరా ఒకేలా ఉంటే లోపలి చక్రాలు బాగున్నట్టే, ముల్లు బిగించడంలోనే తేడా అన్నమాట. గంట గంటకూ తేడా మారుతుంటే చిన్న ముల్లు తన గొట్టం మీద వదులై జారుతోందని అనుమానించాలి.

చిన్న ముల్లుకు నాలుగు డిగ్రీలంటే ఎనిమిది నిమిషాలు. నిమిషాలు పెద్ద ముల్లు చూసే చెబుతాం కాబట్టి ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎప్పుడో దుమ్ము దులిపేటప్పుడు గుడ్డ తగిలి జరిగి ఉంటుంది. ఇలాంటి గోడ గడియారాల్లో చిన్న ముల్లును గొట్టానికి బిగుతుగా ఒత్తి పెడతారు, అంతే. పెద్ద ముల్లును పన్నెండు మీద కదలకుండా పట్టుకుని, చిన్నదాన్ని మొదట్లో పట్టుకుని సరిగ్గా మూడు అంకె నడిమికి వచ్చేలా మెల్లగా వెనక్కి తిప్పాను. ఆ తర్వాత ఆమె వెనక చక్రం తిప్పి మళ్ళీ మూడుంపావుకు తెచ్చింది. కోణమానిని పెట్టి, ఒక కన్ను మూసి, వంగి చూసింది.

"ఏడుకీ ఎనిమిదికీ మధ్య" అని పుస్తకంలో ఆ ప్రశ్న పక్కన టిక్కు పెట్టుకుంది.