జీతం ఖాతా మారాలంటే: ఒక చెక్కు, ఒక నెల, ఒక ధ్రువీకరణ

సొరుగులో పాత ఆంధ్రా బ్యాంకు చెక్కుబుక్కు దాచుకున్నవాళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నారు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ మరుసటి ఏడాది ANDBతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు పోయి, వాటి స్థానంలో UBINతో మొదలయ్యేవి వచ్చాయి. ఆ ఖాతాల్లో జీతం అందుకుంటున్నవాళ్లు కొత్త కోడు పట్టుకుని ఆఫీసులో చెప్పుకోవాల్సి వచ్చింది.

బ్యాంకులు కలిసిపోవడం ఒక్కటే కారణం కాదు. ఇంటి అప్పు తీసుకున్న బ్యాంకులోనే జీతం పడితే కిస్తీ తేలిగ్గా కట్టుకోవచ్చని కొందరు మారతారు. ఉద్యోగం మారినప్పుడు కొత్త కంపెనీ తెరిచిన ఖాతా నచ్చక పాతదే కొనసాగించాలనుకునేవారు ఇంకొందరు. కారణం ఏదైనా పని చూడటానికి చిన్నదే: హెచ్‌ఆర్‌కి ఒక మెయిలు, దానికో క్యాన్సిల్డ్ చెక్కు. అయితే ఆ మెయిల్లో ఒక్క మాట స్పష్టంగా లేకపోయినా ఆ నెల జీతం ఒక ఖాతాలో, ఇంటి కిస్తీ మరో ఖాతాలో ఉండిపోతాయి.

ముందుగా చెక్కు సంగతి. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమవుతుంది. పక్కన రాసిన పేరు ఆ నంబరుకు సరిపోయిందా లేదా అని చూసి ఆపే ఏర్పాటు చాలాకాలం లేదు. ఆన్‌లైన్లో డబ్బు పంపేవారికి అవతలి ఖాతాదారు పేరు ముందే చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ నుంచి కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. వందలమంది జీతాలు ఒకే ఫైలుగా బ్యాంకుకు వెళ్లే చోట మాత్రం ఆ పేర్లను ఒక్కొక్కటీ చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే పేరోల్ వాళ్లు నంబరు ఎక్కించే ముందే బ్యాంకు అచ్చువేసిన కాగితం అడుగుతారు.

ఇంకో భయం కూడా ఉంది. ఉద్యోగి పేరుతో మరొకరు మెయిలు పంపి, ‘నా ఖాతా మారింది, ఈ నెల నుంచి ఇందులో వేయండి’ అంటే? ఉద్యోగుల పాస్‌వర్డులు కాజేసి జీతాల ఖాతాలు మార్చేస్తున్నారని అమెరికాలో ఎఫ్‌బీఐ 2018లోనే హెచ్చరించింది. సొంత జీమెయిలు నుంచి పంపిన అభ్యర్థనను హెచ్‌ఆర్ పట్టించుకోకపోవడానికీ, ఆఫీసు మెయిలు నుంచే పంపమనడానికీ, ఒకసారి ఫోన్ చేసి అడగడానికీ కారణం ఇదే. దీన్ని అనుమానంగా తీసుకోనక్కర్లేదు. కాపాడుతున్నది ఉద్యోగి జీతాన్నే.

చెక్కును రద్దు చేయడం అంటే దాని మీద ఒక మూల నుంచి మరో మూలకు రెండు సమాంతర గీతలు గీసి, వాటి మధ్య క్యాన్సిల్డ్ అని పెద్దగా రాయడం. సంతకం పెట్టకూడదు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, పేరు, కింది అంచున ఉన్న అంకెల మీద గీత పడకుండా చూసుకోవాలి. అవి కనపడకపోతే ఆ చెక్కు ఇచ్చీ లాభం లేదు. కింది అంచు అంకెలతో ఒక తిరకాసు ఉంది. మొదటి ఆరు చెక్కు నంబరు, తరవాతి తొమ్మిది నగరాన్నీ బ్యాంకునూ శాఖనూ తెలిపే ఎంఐసీఆర్ కోడు. వీటిలో దేన్నో ఖాతా నంబరు అనుకుని ఫారంలో రాసేవాళ్లున్నారు. పూర్తి ఖాతా నంబరు చెక్కు మీద విడిగా అచ్చై ఉంటుంది. ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు గుర్తులుంటే మొదటి నాలుగూ బ్యాంకును చెప్పే అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’గా టైపు చేస్తే కోడు తప్పవుతుంది.

కొత్త ఖాతాతో పాటు అప్పటికప్పుడు ఇచ్చే కిట్‌లోని చెక్కుల మీద చాలాసార్లు ఖాతాదారు పేరు ఉండదు. పేరు లేని చెక్కును పేరోల్ వెనక్కి పంపుతుంది. అప్పుడు పాస్‌బుక్కు మొదటి పేజీ గానీ, పేరూ నంబరూ ఉన్న స్టేట్‌మెంట్ గానీ, బ్యాంకు ముద్రతో ఇచ్చే ధ్రువీకరణ గానీ చెల్లుతుందేమో ముందే కనుక్కోవాలి. కొన్ని కంపెనీలు ఆ ఖాతాకు ఒక్క రూపాయి పంపి, అవతలి నుంచి వచ్చిన పేరును తమ రికార్డుతో పోల్చుకుంటాయి. బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా, ఆఫీసు రికార్డులో ఒక్క అక్షరంగా ఉంటే ఈ దశలోనే తేడా కనబడుతుంది. తెలుగువాళ్లకు ఇది తరచూ ఎదురయ్యే చిక్కే.

ఇక అసలు గొడవంతా నెల దగ్గర వస్తుంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ ప్రతి నెల జీతాన్నీ తరవాతి నెల ఒకటో తారీకున వేస్తుందనుకుందాం. మార్పులేవైనా 20వ తేదీలోపే తీసుకుంటుంది. అక్కడి ఉద్యోగి ఒకరు జులై 12న ‘ఆగస్టు నుంచి నా జీతం కొత్త ఖాతాలో వేయగలరు’ అని మెయిలు పెట్టారు. ఆయన ఉద్దేశం ఆగస్టు 1న చేతికొచ్చే డబ్బు. పేరోల్‌లో కూర్చున్నవారికి ‘ఆగస్టు జీతం’ అంటే ఆగస్టులో చేసిన పనికి సెప్టెంబరు 1న ఇచ్చేది. ఇద్దరూ పొరబడలేదు, ఎవరి లెక్క వారిది. ఆగస్టు 1న రూ.42,000 పాత ఖాతాలోనే పడింది. 5న కట్టాల్సిన రూ.11,500 ఇంటి కిస్తీని మాత్రం ఆయన అప్పటికే కొత్త ఖాతాకు మార్పించుకున్నారు. అందులో ఉన్నది రెండు వేలు. కిస్తీ వెనక్కి వెళ్లింది. అప్పిచ్చిన సంస్థ వేసిన జరిమానా ఒకటి, తన ఖాతా ఉన్న బ్యాంకు కోసుకున్న రుసుము ఇంకొకటి.

ఆ రోజు పాత ఖాతాలో డబ్బు భద్రంగానే ఉంది. ఆయన ఆగస్టు 1 సాయంత్రం ఒకసారి రెండు ఖాతాలూ చూసుకుని, కిస్తీకి సరిపడా డబ్బు అటు మార్చుకుని ఉంటే సరిపోయేది. అసలు మెయిల్లోనే నెలను రెండు రకాలుగా రాసి ఉంటే అంతవరకూ వచ్చేదే కాదు: ఏ నెల పనికి ఇచ్చే జీతం, అది ఏ తేదీన చేతికొస్తుంది. కింద ఇచ్చిన నమూనాలో ముఖ్యమైన వాక్యం అదే.

‘పేరోల్ విభాగానికి. విషయం: జీతం జమయ్యే బ్యాంకు ఖాతా మార్పు. నా ఉద్యోగి నంబరు ఇది. ప్రస్తుతం నా జీతం ఫలానా బ్యాంకులో 4471తో ముగిసే ఖాతాలో పడుతోంది. ఇకపై జతపరిచిన క్యాన్సిల్డ్ చెక్కులో ఉన్న ఖాతాలో జమ చేయగలరని మనవి. ఖాతాదారు పేరు, పూర్తి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, శాఖ పేరు కింద రాశాను. జులై నెల పనికిగాను ఆగస్టు 1న చెల్లించే జీతం నుంచి ఈ మార్పు అమలు చేయగలరు. ఆ తేదీకి వీలుపడకపోతే ఎప్పటి నుంచి వీలవుతుందో తెలపగలరు. అంతవరకూ పాత ఖాతాలోనే జమ చేయగలరు. కొత్త ఖాతాలో తొలి జీతం పడగానే మీకు తెలియజేస్తాను.’

ఇందులో ‘అంతవరకూ పాత ఖాతాలోనే’ అన్న మాట ఊరికే రాసింది కాదు. మార్పు సగంలో ఉన్నప్పుడు కొన్నిచోట్ల జీతాన్ని నిలిపి ఉంచుతారు. దాన్ని ఎక్కడ వేయాలో ఉద్యోగే రాసి ఇస్తే ఆపడానికి కారణం ఉండదు. ఆఫీసులో సొంత పోర్టల్ ఉంటే ఇవే వివరాలు అందులో నింపాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే తమ జీతాల బిల్లు పెట్టే డీడీవో ద్వారా వెళ్లాలి.

కొందరికి అసలు మారే వీలే వెంటనే ఉండదు. జీతం చూపించి బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు, అప్పు తీరేదాకా జీతం ఇదే ఖాతాకు పంపుతామని ఆఫీసు రాసిచ్చే పద్ధతి ఉంది. అలాంటి హామీ ఉంటే ఆ బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెస్తేగాని ఆఫీసు కదలదు. దాన్ని తెచ్చుకోవడానికే ఒక నెల గడిచిపోవచ్చు కాబట్టి అమలు నెల రాసేముందే పాత అప్పు కాగితాలు తిరగేయడం మంచిది.

జీతం రోజు వచ్చాక చూడాల్సింది ఎస్ఎంఎస్ ఒక్కటే కాదు. స్టేట్‌మెంట్ తెరిచి మూడు సంగతులు చూసుకోవాలి: మొత్తం పే స్లిప్పులోని నికర జీతంతో సరిపోయిందా, పంపినవారి పేరు కంపెనీదేనా, అది జీతంగా నమోదైందా. మూడోది చాలామంది వదిలేస్తారు. మామూలు నెఫ్ట్‌గా వస్తే కొన్ని బ్యాంకులు ఆ ఖాతాను జీతం ఖాతాగా లెక్కించవు. ‘జులై జీతం, నికరం ఇంత, 4471కి బదులు కొత్త ఖాతాలో ఆగస్టు 1న అందింది’ అని అదే మెయిలుకు జవాబుగా రెండు ముక్కలు రాస్తే పేరోల్‌వాళ్లు ఫైలు మూసేస్తారు. రేపు ఏ తేడా వచ్చినా ఆ జవాబు చేతిలో ఉంటుంది.

పడకపోతే ఏం చేయాలి? నంబరు తప్పై, అలాంటి ఖాతా అసలు లేకపోతే డబ్బు కంపెనీకి తిరిగొస్తుంది. నెఫ్ట్‌లో దీనికి గడువు ఆ బ్యాచి ముగిశాక రెండు గంటలు. హెచ్‌ఆర్‌ను లావాదేవీ యూటీఆర్ నంబరు అడిగి తీసుకుని, దాన్ని బ్యాంకుకు చూపిస్తే డబ్బు ఎక్కడ ఆగిందో తేలుతుంది. తప్పు నంబరు మరొకరి ఖాతా అయి, అందులో జమైపోతే మాత్రం ఆ ఖాతాదారు ఒప్పుకోవడం మీద వ్యవహారం ఆధారపడుతుంది. అందుకే నంబరును చెక్కు చూస్తూ రెండోసారి చదవడానికి పెట్టే నిమిషం దండగ కాదు. ఆలస్యం కంపెనీ వల్లే అయితే, నెల జీతం తరవాతి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలని 2025 నవంబరులో అమల్లోకొచ్చిన వేతనాల కోడు చెబుతోంది.

ఒక్క జీతం మారినంతమాత్రాన మిగతావన్నీ దాని వెంట రావు. పీఎఫ్ డబ్బు యూఏఎన్‌కు జోడించిన ఖాతాకే వెళ్తుంది. ఆదాయపు పన్ను రిఫండు ఆ పోర్టల్లో ధ్రువీకరించిన ఖాతాకు వెళ్తుంది. ప్రయాణ ఖర్చుల బిల్లుల్ని కొన్ని ఆఫీసుల్లో పేరోల్ కాకుండా అకౌంట్స్ విభాగం వేరే జాబితాతో చెల్లిస్తుంది కాబట్టి అక్కడా విడిగా చెప్పాలి. కిస్తీలు, బీమా ప్రీమియంలు, సిప్‌లు పాత ఖాతాకు ఇచ్చిన ఆదేశాలతోనే నడుస్తుంటాయి. వాటిని తొలి జీతం కొత్తదాంట్లో పడ్డాకే ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. పాత ఖాతాను మూయడం ఆ తరవాతి మాట. జీతం పడటం ఆగిన కొన్ని నెలలకు, చాలా బ్యాంకుల్లో మూడు నెలలకు, అది మామూలు పొదుపు ఖాతాగా మారిపోతుంది. కనీస నిల్వ నిబంధన ఉన్న బ్యాంకైతే అది లేనందుకు రుసుములు మొదలవుతాయి. మూసేయడమా, నిల్వ ఉంచి కొనసాగించడమా అన్నది ఆ గడువులోపే తేల్చుకోవాలి.