తాళాలు ఆరు నెలలు ఆలస్యం: కొన్నవాళ్లకి ఆ మాట ఎలా చెప్పాలి?

బిల్డరు దగ్గర్నుంచి ఆలస్యం కబురు చాలాసార్లు వాట్సాప్‌లోనే వస్తుంది. "కొన్ని అనివార్య కారణాల వల్ల పనులు కాస్త ఆలస్యమయ్యాయి. త్వరలోనే తాళాలు అందజేస్తాం. సహకరించగలరు." ఆ మాటలు చదివిన గంటలోనే సైటు ఆఫీసుకి ఫోన్లు మొదలవుతాయి. ఎన్ని నెలలో, ఎందుకో, తమ డబ్బు ఏమైందో అందులో లేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుంటారు. మన డబ్బు ఇంకో వెంచరులో పెట్టేశాడన్నది అందరికంటే ముందు పుట్టే ఊహ.

ఇదే కబురు కాస్త వరసగా చెప్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణలో చూద్దాం. విజయవాడ సింగ్‌నగర్ వైపు ఐదంతస్తులు, నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి ఉందనుకోండి. అపార్ట్‌మెంటు, దాని లెక్కలు నేను కల్పించినవి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి ఆ ప్రాంతాన్ని రోజుల తరబడి ముంచేయడం మాత్రం నిజం. ఒప్పందం ప్రకారం తాళాలు ఇవ్వాల్సింది 2024 డిసెంబరు 31న. అక్టోబరుకల్లా అది కుదిరేది కాదని బిల్డరుకి తేలిపోయింది.

ఉత్తరంలో మొదటి వాక్యం తేదీయే కావాలి: "మీ ఫ్లాటు డిసెంబరు 31న కాదు, 2025 జూన్ 30న అప్పగిస్తాం." చాలామంది కారణాలతో మొదలుపెట్టి, కష్టాలన్నీ ఏకరువు పెట్టి, తేదీని చివర్లో దాస్తారు. చదివేవాళ్లు పైనున్నదంతా వదిలేసి ముందు ఆ తేదీనే వెతుక్కుంటారు. దొరికాక మళ్లీ పైకి వెళ్లి కారణం చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది? క్షమాపణ ఒక్క వాక్యం చాలు. అది పేరా అంత పొడుగైతే ఇంకేదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది.

తర్వాత కారణం. ఇక్కడే చాలా ఉత్తరాలు చెడిపోతాయి. వరద వచ్చింది, ఊరంతా చూసింది, కాబట్టి ఆరు నెలలూ దాని మీదికి నెట్టేయాలనిపిస్తుంది. కానీ మన బిల్డరు లెక్క విడదీస్తే ఇలా ఉంది. స్టిల్ట్ పార్కింగులో దింపిన తలుపులు, కరెంటు ప్యానెల్ బోర్డులు, లిఫ్టు కంట్రోలరు నీళ్లలో నానిపోయాయి. వాటిని మళ్లీ తెప్పించి బిగించడానికి మూడు నెలలు. వరదకి ముందే, వేసవిలో, టైల్స్ పని పట్టిన కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి వెళ్తే కొత్తవాళ్లు కుదిరేసరికి పోయినవి రెండు నెలలు. ఇంకో నెల సంగతి వేరు. మొదటి గడువు వేసినప్పుడు రంగులు వేయడం అయిపోయే రోజునే తాళాల రోజుగా రాసుకున్నారు. నగరపాలక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి, అంటే ఓసీకి, రోజులే కేటాయించలేదు. నన్నడిగితే బిల్డర్లు తరచూ చేసే పొరపాట్లలో ఇది ముందుంటుంది.

ఇలా విడదీయడం నిజాయితీ కోసమే కాదు, డబ్బు లెక్క కూడా దీనిమీదే నిలుస్తుంది. రేరా చట్టం ఆరో సెక్షన్ వరద, తుఫాను, భూకంపం లాంటి వాటిని బిల్డరు చేతిలో లేని కారణాలుగా గుర్తించి రిజిస్ట్రేషన్ గడువు పొడిగించుకోనిస్తుంది. కాంట్రాక్టరు వెళ్లిపోవడం ఆ జాబితాలో లేదు. పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం, ఫ్లాటు వదులుకోకుండా ఎదురుచూసే వాళ్లకి ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల నిబంధనల్లోనూ ఆ రేటు స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్‌కి రెండు శాతం కలిపితే వచ్చేది. అందుకని ఉత్తరంలో, "వరద వల్ల పోయిన మూడు నెలలకి ఒప్పందంలోని ప్రకృతి వైపరీత్యాల షరతు కింద మినహాయింపు కోరుతున్నాం, మా వైపు నుంచి జరిగిన మూడు నెలలకి వడ్డీ ఇస్తాం" అని తేల్చి రాయొచ్చు. నలభై లక్షలు కట్టినాయనకి, రేటు పదకొండు శాతం అనుకుంటే, నెలకి సుమారు 36,700, మూడు నెలలకి లక్షా పదివేలు. మినహాయింపు మీద ఎవరైనా వాదనకి దిగొచ్చు. అయినా ఆ వాదన మూడు నెలల గురించే నడుస్తుంది. మొత్తం వరద ఖాతాలో రాసి, ఏప్రిల్‌లోనే టైల్స్ పని ఆగిన ఫొటో ఎవరో ఒకరు బయటపెడితే, ఆ తర్వాత ఉత్తరంలో ఏ మాటనీ ఎవరూ నమ్మరు.

డబ్బు గురించిన ఊహకి కూడా ఇక్కడే జవాబు పడాలి. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరున వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, పని నడిచిన మేరకే తీయాలన్నది చట్టం. ఆ ఖాతాలో ఈ రోజు ఎంతుందో, మిగిలిన పనికి అది సరిపోతుందో లేదో రెండు వాక్యాల్లో చెప్పాలి.

ప్రభావం అందరికీ ఒక్కలా ఉండదు కాబట్టి నలభై మందినీ ఒకే గాటన కట్టకూడదు. అద్దింట్లో ఉంటూ బ్యాంకు వడ్డీ కట్టేవాళ్లకి రెండు ఖర్చులూ ఇంకో ఆరు నెలలు సాగుతాయి. స్లాబుల వారీ వాయిదాలు కట్టేవాళ్లకి తర్వాతి వాయిదా ఎప్పుడో తెలియాలి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకి ఇల్లు మార్చి 31 దాటి పూర్తయితే ఇంటి రుణ వడ్డీ మినహాయింపు తర్వాతి ఆర్థిక సంవత్సరం నుంచే మొదలవుతుంది. అది బిల్డరు గుర్తుచేయకపోతే మూడొంతుల మందికి తట్టదు. ఇంకోటి, 2025లో జూన్ 26 నుంచి జులై 24 దాకా ఆషాఢం. జూన్ 30న తాళాలు తీసుకున్నా గృహప్రవేశం శ్రావణంలోనే. అద్దింటి ఓనరుకి జులై ఆఖరు దాకా ఉంటామని చెప్పుకోండని రాస్తే, ఆ ఒక్క మాటకి దక్కే గౌరవం వేరు.

ఇక కొత్త ప్రణాళిక. జూన్ 30 అన్నది గాల్లోంచి పుట్టలేదని చూపాలంటే మధ్యలో మజిలీలు కనబడాలి. ప్యానెల్ బోర్డులు, లిఫ్టు సామాను నవంబరు ఆఖరుకి సైటుకి చేరాలి. టైల్స్ జనవరి ఆఖరుకి, తలుపులు, రంగులు మార్చి ఆఖరుకి పూర్తవ్వాలి. లిఫ్టు, కరెంటు పరీక్షలు ఏప్రిల్ 20 లోపు, ఓసీకి దరఖాస్తు మే 10న. అక్కడిదాకా తేదీలు బిల్డరు చేతిలోవి. మే 10 తర్వాతి రోజులు ఆఫీసు తనిఖీకీ, వాళ్లు చెప్పే దిద్దుబాట్లకీ ఉంచినవని, అవి తన చేతిలో లేవని విడిగా రాయాలి. కొన్నవాళ్లకి ఇందులో ఇంకో ఉపయోగం ఉంది. నవంబరు ఆఖరుకి లిఫ్టు సామాను దిగకపోతే జూన్ జారుతోందని వాళ్లే ఏడు నెలల ముందు పసిగట్టగలరు. మూడు నెలలకోసారి బిల్డరు రేరా సైటులో పెట్టాల్సిన పని వివరాలతో ఈ తేదీలు పోల్చి చూసుకోవచ్చు కూడా.

ఆరు నెలలు ఒక్కసారిగా చెప్పడం భయమేసి ఇప్పుడు రెండు, సంక్రాంతికి ఇంకో రెండు అని ముక్కలు చేసేవాళ్లున్నారు. మొదటిసారి తిట్లు తగ్గుతాయేమో కానీ, అద్దె ఒప్పందం రెండుసార్లు తిరగరాసుకున్న మనిషి మూడోసారి నేరుగా రేరాకే వెళ్తాడు.

ఉత్తరం అందరికీ ఒకే రోజు చేరాలి. అంతకు ముందు రోజు రెండు పనులున్నాయి. జనవరిలో పెళ్లో, విదేశం నుంచి రాకో పెట్టుకున్న నలుగురైదుగురికి ఫోను చేసి చెప్పాలి. సైటు ఇంజనీరుకీ, వాచ్‌మన్‌కీ కూడా ఇవే తేదీలు తెలియాలి, ఎందుకంటే ఆదివారం సైటు చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేది వాళ్లనే. ఉత్తరం చివర్లో తర్వాతి కబురు ఎప్పుడో రాస్తే సరిపోతుంది: "డిసెంబరు 5న, లిఫ్టు సామాను వచ్చినా రాకపోయినా, మళ్లీ రాస్తాం."