పెట్టుబడిదారుడి తర్వాతి ప్రశ్నే తర్వాతి స్లైడ్

బ్రయన్ చెస్కీ, జో గెబియా, నేథన్ బ్లెచార్‌జిక్ అనే ముగ్గురు యువకులు 2008లో పెట్టుబడి కోసం తయారుచేసుకున్న స్లైడ్లు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఈనాటి ఎయిర్‌బీఎన్‌బీకి అప్పటి పేరు ఎయిర్‌బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్. ఆ స్లైడ్లలో హంగులేమీ లేవు. కానీ ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్న విషయంలో నేర్చుకోవలసింది మాత్రం చాలా ఉంది.

పెట్టుబడి అడగడానికి వెళ్లేవాళ్లు చూపించే పది, పదిహేను స్లైడ్ల కట్టను పిచ్ డెక్ అంటారు. సమస్య, పరిష్కారం, మార్కెట్, ఆదాయం, పోటీ, టీమ్, చివర్లో ‘మాకు ఇంత కావాలి’ అన్నది దాని మామూలు వరస. ఈ వరసను బట్టీపట్టి ఖాళీలు పూరించేవాళ్లే ఎక్కువ. అసలు వరస పుట్టేది మాత్రం వినేవాడి సందేహాల నుంచి. ఒక స్లైడ్ చూడగానే అతని మనసులో ఏ ప్రశ్న లేస్తుందో, తర్వాతి స్లైడ్ దానికి జవాబు కావాలి.

అనుమానం ఉన్నచోటే ఆధారం

ఆ ముగ్గురి సమస్య స్లైడ్‌లో మూడే మాటలున్నాయి. ప్రయాణికులకు ఖర్చు పెద్ద చింత. హోటల్లో దిగితే ఆ ఊరితో, అక్కడి సంస్కృతితో పరిచయం కాదు. స్థానికుల ఇంట్లో గది తీసుకోవడానికి తేలికైన మార్గం లేదు. వెంటనే పరిష్కారం స్లైడ్: ఇంటివాళ్లు తమ గదిని ప్రయాణికులకు అద్దెకిచ్చుకునే వెబ్‌సైట్.

ఇక్కడ ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం ఒకటే. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లో పడుకోనిస్తారా? మార్కెట్ ఎంత, కమీషన్ ఎంత అన్నవి ఆ తర్వాతి సంగతులు. అందుకే నాలుగో స్లైడ్‌లో వాళ్లు మార్కెట్ సైజు పెట్టలేదు, ఆధారం పెట్టారు. పరాయివాళ్ల ఇళ్లలో ఉచితంగా బస చేసే కౌచ్‌సర్ఫింగ్ సైట్‌లో 6 లక్షలకు పైగా సభ్యులున్నారు. క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఒక్క వారంలోనే శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్‌లలో తాత్కాలిక బసల ప్రకటనలు 17 వేలు వచ్చాయి. అంటే జనం ఈ పని ఇప్పటికే చేస్తున్నారు, కాకపోతే తిప్పలు పడుతూ చేస్తున్నారు.

ఆ అనుమానం కాస్త సడలాకే ప్రపంచవ్యాప్తంగా బుక్ అయ్యే ప్రయాణాల సంఖ్య వచ్చింది. తర్వాత సైట్ ఎలా పనిచేస్తుందో, ప్రతి బుకింగ్ మీద 10 శాతం కమీషన్ ఎలా వస్తుందో, కస్టమర్లను ఎక్కడ పట్టుకుంటారో, పోటీ ఎవరో చెప్పారు. టీమ్ స్లైడ్ దాదాపు చివర్లో ఉంది. అప్పటికి వాళ్లెవరో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ చోటు దానికి సరిపోయింది. అదే ఫౌండర్ ఇరవై ఏళ్లు అదే రంగంలో పనిచేసినవాడైతే టీమ్ రెండో స్లైడ్‌లోనే ఉండొచ్చు.

వరస బాగుంటే డబ్బు వచ్చి తీరుతుందని మాత్రం అనుకోకూడదు. 2008 జూన్‌లో తాము ఏడుగురు పెట్టుబడిదారులను సంప్రదిస్తే ఐదుగురు కాదన్నారని, ఇద్దరు జవాబే ఇవ్వలేదని చెస్కీ తర్వాత రాశారు. మార్కెట్ తమకు సరిపడేంత పెద్దదిగా కనిపించలేదని వాళ్లలో ఒకరు రాసి పంపారు. స్లైడ్ల క్రమం సందేహాన్ని సరైన చోట పలకరిస్తుంది. ఆ సందేహం తీరాలంటే సరుకు ఉండాలి.

అడిగే మొత్తం ఎక్కడినుంచి రావాలి?

ఆ డెక్‌లో చివరి స్లైడ్ చాలా పొదుపైనది. 5 లక్షల డాలర్లు కావాలి, అది 12 నెలలకు సరిపోతుంది, ఆలోగా 80 వేల బుకింగ్‌లు చేస్తాం, సగటున 25 డాలర్ల చొప్పున 20 లక్షల డాలర్ల ఆదాయం వస్తుంది. మొత్తం, గడువు, గమ్యం మూడూ అందులో ఉన్నాయి. పైగా ఆ ఆదాయానికి మూలమైన కమీషన్ సంగతి వినేవాడికి అప్పటికే తెలుసు. అడిగే మొత్తం ముందు స్లైడ్లలోంచి లెక్కగా దిగిరావాలి.

మన దగ్గర ఒక ఉదాహరణ ఊహిద్దాం. తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి హైదరాబాద్, బెంగళూరు ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లకు మొక్కలు చేర్చే సంస్థ అది. నెలకు 40 ఆర్డర్లు వస్తున్నాయి. సగటు ఆర్డర్ 50 వేలు, కమీషన్ 8 శాతం, అంటే ఆర్డరుకు 4 వేల రూపాయలు. ‘రెండు కోట్లు కావాలి’ అని ఊరికే అంటే ‘ఎందుకు రెండు, ఒకటెందుకు కాదు?’ అన్న ప్రశ్న ఖాయం.

దానికి బదులు ఇలా కట్టుకు రావాలి. పెరిగిన సిబ్బందితో నెల ఖర్చు 6 లక్షలు. ఆర్డరుకు 4 వేల చొప్పున నెలకు 150 ఆర్డర్లు వస్తే ఆ ఖర్చు గిట్టుతుంది. గమ్యం అదే, దాన్ని ఏడాదిలో చేరాలి. తర్వాతి విడత పెట్టుబడి సమకూరడానికి నెలలు పడుతుంది కనుక 18 నెలలకు డబ్బు చేతిలో ఉండాలి. అది కోటీ 8 లక్షలు. కడియంలో మొక్కలు సర్ది లోడ్ చేసే షెడ్డుకు 22 లక్షలు, ఆలస్యాలకు 20 లక్షలు కలిపితే కోటిన్నర. ఈలోగా వచ్చే కమీషన్‌ను ఇందులో లెక్కేయలేదు కాబట్టి అదీ ఒక దన్నే.

ఈ సంస్థ వరసా ఎయిర్‌బీఎన్‌బీది కానక్కర్లేదు. కాంట్రాక్టర్లు కడియం నుంచి మొక్కలు కొంటారా అన్న అనుమానం ఎవరికీ ఉండదు. దారిలో ఎన్ని చచ్చిపోతున్నాయి, మీరు తెస్తే ఎన్ని బతుకుతున్నాయి అన్నదే అసలు ప్రశ్న. కాబట్టి పరిష్కారం వెంటనే ఆ లెక్క రావాలి. పాత కస్టమర్లు మళ్లీ ఆర్డర్ ఇస్తున్నారన్న రుజువు గట్టిగా ఉంటే దాన్ని సమస్య కన్నా ముందే ఒక వాక్యంలో చెప్పేయొచ్చు.

వరస తప్పిందని ఎలా తెలుస్తుంది?

స్లైడ్ల శీర్షికలు మాత్రమే ఒక కాగితం మీద వరుసగా రాసి చదవండి. ‘మార్కెట్’, ‘టీమ్’ లాంటి ఒంటి మాటలు కాకుండా పూర్తి వాక్యాలు రాయాలి. రెండు వాక్యాలను తారుమారు చేసినా కథ చెడకపోతే వాటి మధ్య లంకె లేదన్నమాట. ఆ తర్వాత మీ వ్యాపారం తెలియని ఇద్దరు ముగ్గురికి చూపించి, ఏ స్లైడ్ దగ్గర ఏ ప్రశ్న అడిగారో రాసుకోండి. నాలుగో స్లైడ్ దగ్గర అందరూ అడిగే ప్రశ్నకు తొమ్మిదో స్లైడ్‌లో జవాబుంటే ఆ తొమ్మిదిని ఐదుకు జరపాలి. ‘దానికి తర్వాత వస్తాను’ అని మీరు పదేపదే అంటున్నారంటే క్రమం మార్చక తప్పదు. ఈమెయిల్‌లో పంపే డెక్‌కు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఆ మాట చెప్పడానికి మీరు పక్కన ఉండరు.

డెక్ తయారుచేసేటప్పుడు మాత్రం చివరి స్లైడ్‌తో మొదలుపెట్టండి. ఎంత, ఎన్ని నెలలకు, ఏ గమ్యానికి అన్నది ముందు తేల్చుకోండి. ఆ మొత్తాన్ని నమ్మాలంటే వినేవాడు అంతకుముందు ఏమేం ఒప్పుకోవాలో వెనక్కి రాసుకుంటూ వెళ్లండి. ఆ జాబితాలో చోటు దొరకని స్లైడ్ ఎంత అందంగా ఉన్నా తీసేయండి.