ఆవకాయ పెట్టె మీద ఒక ముద్ర

ఇంట్లో పచ్చళ్లు పట్టి కొరియర్‌లో పంపేవారు బ్రాండ్ అనగానే రంగుల పెట్టెలు అచ్చు వేయించాలనుకుంటారు. ప్రెస్ వాళ్లు వందల్లో ఆర్డరిస్తే తప్ప ఒప్పుకోరు. మామూలు గోధుమరంగు అట్టపెట్టె మీద పేరున్న రబ్బరు స్టాంపు వేస్తే ఆ పని అయిపోతుంది. స్టాంపు ఒక్కసారి చేయిస్తే ఏళ్లు వస్తుంది.

అసలు ఖర్చు పెట్టె సైజులో ఉంది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ లెక్కకూ అసలు తూకానికీ ఏది ఎక్కువైతే దానికే చార్జీ. అరకిలో డబ్బాలు రెండింటిని 30×25×20 పెట్టెలో పంపితే 3 కిలోల చార్జీ పడుతుంది. 22×12×14లో సర్దితే అసలు తూకానికే కట్టొచ్చు. లోపల కూరాల్సిన కాగితమూ తగ్గుతుంది.

ప్లాస్టిక్ టేపు బదులు కాగితపు టేపు వాడితే పెట్టెతో పాటే పాత కాగితాల్లోకి పోతుంది. పర్యావరణ హితమని అమ్మే కాగితపు పౌచ్‌లతో మాత్రం జాగ్రత్త. నూనె ఆగడానికి వాటి లోపల సాధారణంగా ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది కాగితం నుంచి విడిపోదు. వాటికంటే మళ్లీ వాడుకునే గాజు సీసా నయం, బరువైనా సరే.

మూత దగ్గర నూనె కారితే ఏ ముస్తాబూ కాపాడదు. సీలు వేసి, సీసాను ఒక రాత్రి తలకిందులుగా ఉంచి చూడండి. లోపల ఒక చీటీ పెట్టండి: పట్టిన తేదీ, తడి చెంచా వద్దనే మాట, మళ్లీ ఆర్డరుకు వాట్సాప్ నంబరు. ఆ చీటీ సీసాకే అంటించండి, పెట్టెలో వేస్తే చెత్తబుట్టలోకి పోతుంది.