పక్కముఖంలో అడవి: డబుల్ ఎక్స్‌పోజర్ చిత్రం

డబుల్ ఎక్స్‌పోజర్ అంటే ఒకే ఫ్రేములో రెండు దృశ్యాలను ఒకదాని మీద ఒకటి పడేలా తీయడం. ఫిల్మ్ కెమెరాలో మొదటి ఫొటో తీశాక రీలు ముందుకు జరపకుండా మళ్లీ షట్టర్ నొక్కితే ఇది వచ్చేది. ఇందులో అందరికీ బాగా తెలిసిన రకం, మనిషి పక్కముఖం ఆకారంలో అడవినో నగర భవనాల వరుసనో నింపిన చిత్రం. 2014లో అమెరికాలో హెచ్‌బీఓ ప్రసారం చేసిన ‘ట్రూ డిటెక్టివ్’ మొదటి సీజన్ టైటిల్స్ ఇలాంటివే. పాత్రల ముఖాల ఆకారాల్లోంచి లూసియానా ఫ్యాక్టరీలు, రోడ్లు కనిపిస్తాయి.

ఈ చిత్రానికి మూలం చాలా సులువైన సంగతి. వెలుతురు పడని చోట ఫిల్మ్ ఖాళీగా ఉంటుంది, రెండో దృశ్యం అక్కడ చక్కగా దిగుతుంది. అప్పటికే తెల్లగా కాలిపోయిన చోట మరెంత వెలుతురు పడినా మార్పు కనిపించదు. కాబట్టి మొదటి ఫొటోలో ముఖం నల్లగా, వెనక భాగం తెల్లగా ఉంటే అడవి ముఖంలోకి మాత్రమే వస్తుంది. చెట్లను కత్తిరించి అతికించే పనే లేదు.

అందుకే మొదటి ఫొటో తీయడంలోనే సగం పని ఉంది. మనిషిని మబ్బు పట్టిన ఆకాశానికి ఎదురుగానో, వెలుతురు బాగా పడుతున్న తెల్లగోడ ముందో పక్కకు తిప్పి నిలబెట్టాలి. ముఖం మీద విడిగా ఏ దీపమూ పడకూడదు. కెమెరా మీటరు తెల్లటి నేపథ్యాన్ని బూడిదరంగుగా చూపాలని చూస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల దాకా పెంచాలి. నేరుగా కెమెరా వైపు చూసే ముఖం నల్లబడితే అది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. పక్కముఖంలో నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం గీతలాగా మిగిలి మనిషిని పట్టిస్తాయి. నోరు కొద్దిగా తెరిచి ఉంటే పెదవుల గీత ఇంకా స్పష్టమవుతుంది.

కంప్యూటర్‌లో ఇదే పని ఫొటోషాప్‌లోని స్క్రీన్ మోడ్ చేస్తుంది. పక్కముఖం లేయరు పైన అడవి లేయరు పెట్టి ఆ మోడ్ ఎంచుకోవాలి. నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో ఒక ఉదాహరణ చూద్దాం. ముఖం 30, ఆకు 90 అయితే రెండూ కలిసి 109 అవుతాయి, ఆకు తేటగా కనిపిస్తుంది. అదే ఆకు 250 ఉన్న నేపథ్యం మీద పడితే ఫలితం 252. అంటే ఆకు దాదాపు మాయమైనట్టే. ఇక ముఖం మీద వెలుతురు పడి చెంప 120కి చేరితే, అదే ఆకు 168 దగ్గర తేలుతుంది. అప్పుడు చెట్లూ చర్మమూ కలిసి మురికిపట్టినట్టు పాలిపోతాయి. కొత్తగా చేసేవారి చిత్రాలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. పక్కముఖం ఫొటోలో లెవెల్స్‌తో చీకట్లను ఇంకా నలుపు చేస్తే చాలావరకు సరిపోతుంది. కాని అసలు ఫొటోలోనే ముఖం వెలిగిపోయి ఉంటే ఆ సవరణ బలవంతంగా చేసినట్టు కనిపిస్తుంది.

రెండో ఫొటో ఎంపికలో అసలు కష్టం ఆకాశంతో వస్తుంది. అడవి ఫొటోలో తెల్లని ఆకాశం విలువ 245 అనుకుందాం. అది 30 ఉన్న తల మీద పడితే 246 అవుతుంది. వెనక నేపథ్యం 250. ఆ రెండింటికీ తేడా కంటికి ఆనదు, తల పైభాగం కరిగిపోతుంది. ఇది తెలియక చేస్తే తప్పు, తెలిసి చేస్తే ఈ చిత్రానికున్న అందమంతా అదే. చెట్ల చివరలు నడినెత్తి దగ్గరికి, ఆకాశం దాని పైకి వచ్చేలా ఫొటోను జరిపితే తల గీత పోయి, చెట్ల వరుసే జుట్టుగా మారుతుంది. అయితే నుదురు నుంచి గడ్డం దాకా ఉన్న అంచు వెంట మాత్రం దట్టమైన చీకటి ఆకులే ఉండాలి. అక్కడ ఒక్క తెల్ల ఖాళీ పడినా ముక్కు కొరికేసినట్టు అవుతుంది.

నగర భవనాలతో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పట్టపగలు తీసిన నగరంలో సగానికి పైగా ఆకాశమే ఉంటుంది, భవనాలు మెడ దగ్గర ఇరుక్కుపోయి ముఖమంతా ఖాళీ అవుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, నగరాన్ని 90 డిగ్రీలు తిప్పి భవనాల మొదళ్లు ముఖం వైపు, కొనలు తల వెనక్కి వచ్చేలా పెట్టడం. అప్పుడు ముఖం అంచు గట్టిగా నిలుస్తుంది, తల వెనక భాగం మేడల కొనలతో ముగుస్తుంది. రెండోది, పొద్దుగూకాక ముదురు నీలంగా మారిన ఆకాశంతో తీయడం. చీకటి ఆకాశం తలను కరిగించదు, వెలుగుతున్న కిటికీలు ముఖంలో చుక్కలుగా మెరుస్తాయి. మొదటి దారిలో వచ్చే కరిగే అంచు ఇందులో రాదు కాబట్టి, ముఖకవళికలు పూర్తిగా కనబడాలన్నప్పుడు ఇది మేలు.

కెమెరాలోనే చేసేవారికి మరో లెక్క ఉంది. రెండు దృశ్యాలూ అంతటా కలిసే మామూలు డబుల్ ఎక్స్‌పోజర్‌లో ఒక్కోదానికి సుమారు ఒక స్టాపు తగ్గించాలి, లేదంటే చిత్రం తెల్లబోతుంది. పక్కముఖం నల్లగా ఉన్నప్పుడు అడవికి ఆ తగ్గింపు అవసరం పడదు, ఎందుకంటే నలుపు తన వంతుగా వెలుతురేమీ కలపదు. కానన్ ఈఓఎస్ 5డీ మార్క్ 3 వంటి కెమెరాల మల్టిపుల్ ఎక్స్‌పోజర్ సదుపాయంలో వెలుతురును కూడే పద్ధతి ఎంచుకుంటే ఈ లెక్కే పనిచేస్తుంది. సగటు తీసే పద్ధతిలో తెల్లటి నేపథ్యం కూడా మసకబారి, అక్కడ చెట్లు నీడల్లా తేలతాయి.