వంద గళ్ల పట్టికలో పేరు మొదటి అక్షరం

బిడ్డ పుట్టిన కబురు అందగానే పంతులుగారు అడిగేది ఒకటే: ఎన్ని గంటలకు? ఆ సమయాన్ని పంచాంగంలో చూసి “చిత్త రెండో పాదం, ‘పో’ అక్షరం వచ్చింది” అంటారు. బారసాలనాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద ఆ అక్షరంతో మొదలయ్యే పేరు రాస్తారు. చిత్తా నక్షత్రానికీ ‘పో’ అనే అక్షరానికీ ముడి వేసింది ఎవరు, ఎలా అన్నది మాత్రం ఆ హడావిడిలో ఎవరూ అడగరు.

ఆకాశం వైపు లెక్క తేలిక. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. అందుకే ఆ దారిని 27 సమాన భాగాలు చేసి, ఒక్కోదానికి అశ్విని, భరణి అంటూ పేర్లు పెట్టారు. ఒక్కో భాగాన్ని మళ్లీ నాలుగు పాదాలు చేశారు. అంటే చంద్రుడు ఒక నక్షత్రంలో దాదాపు ఒక రోజు, ఒక పాదంలో దాదాపు ఆరు గంటలు ఉంటాడు. మొత్తం 108 పాదాలు, పాదానికో అక్షరం.

అక్షరాల జాబితాను అశ్వినితో మొదలుపెట్టి చదివితే చు, చే, చో, లా అని వస్తుంది. తలా తోకా కనిపించదు. అశ్వినిని వదిలి కృత్తికతో మొదలుపెట్టండి. వేదకాలపు నక్షత్రాల జాబితాలు కృత్తికతోనే మొదలయ్యేవి. అప్పుడు అసలు రహస్యం బయటపడుతుంది. జ్యోతిషంలో ఈ జాబితాను అవకహడ చక్రం అంటారు. ఆ పేరులోనే తాళంచెవి ఉంది. అ, వ, క, హ, డ అనే అయిదింటినీ ఒకదాని వెంట ఒకటి గుణింతం చెప్పుకుంటూ పోవాలి. ఒక్కోదానికి అయిదే అచ్చులు: అ, ఇ, ఉ, ఎ, ఒ. హ్రస్వమైనా దీర్ఘమైనా ఒకటే లెక్క.

అ, ఇ, ఉ, ఎ. ఈ నాలుగూ కృత్తిక నాలుగు పాదాలు. మిగిలిన ‘ఒ’తో వ, వి, వు కలిస్తే రోహిణి. వె, వొ, క, కి మృగశిర. ఇలా నాలుగేసి చొప్పున కత్తిరించుకుంటూ పోవడమే. అయితే అయిదు అక్షరాలను అయిదు అచ్చులతో హెచ్చిస్తే 25 వస్తుంది, కృత్తిక నుంచి ఆశ్లేష దాకా ఉన్న ఏడు నక్షత్రాలకేమో 28 కావాలి. లోటు మూడు. ఆ మూడింటినీ ఆరుద్రలో పూడ్చారు: ‘కు’ తరువాత ఘ, ఙ, ఛ చేర్చి, మళ్లీ ‘కె, కొ’ దగ్గర గుణింతం అందుకున్నారు. ఆశ్లేషతో మొదటి వరుస పూర్తి.

తరువాతి వరుసలు కూడా ఇదే అచ్చు. మఖ నుంచి మ, ట, ప, ర, త. అనూరాధ నుంచి న, య, భ, జ, ఖ. ధనిష్ఠ నుంచి గ, స, ద, చ, ల. నాలుగు వరుసల్లో ఇరవై అక్షరాలు, అయిదేసి అచ్చులు, వెరసి వంద. అందుకే దీనికి శతపద చక్రమనే పేరు కూడా ఉంది. ప్రతి వరుసలో నాలుగో నక్షత్రం దగ్గర మూడేసి పూడిక అక్షరాలు పడ్డాయి. హస్తకు ష, ణ, ఠ వచ్చింది అలాగే. ఏ బిడ్డకైనా ‘ణ’తో పేరు ఎలా పెడతారు? పెట్టలేరని చక్రం తయారుచేసినవారికీ తెలుసు. ఙ, ఞ, ణ వస్తే గ, జ, డ తీసుకోమని శాస్త్రంలోనే సర్దుబాటు ఉంది.

వందకు పన్నెండు కలిపితే 112. మన పాదాలు 108 కదా, నాలుగు ఎక్కువెందుకు వచ్చాయి? చక్రం అల్లింది 28 నక్షత్రాలకు. ఉత్తరాషాఢకూ శ్రవణానికీ నడుమ అభిజిత్తు అనే ఇరవై ఎనిమిదోది ఉండేది. దాని వాటా జు, జే, జో, ఖ. 27 లెక్క స్థిరపడ్డాక అభిజిత్తు జారిపోయింది, దాని అక్షరాలు దిక్కులేనివయ్యాయి. అందుకే శ్రవణా నక్షత్రంలో పుట్టిన బిడ్డకు కొన్ని తెలుగు పంచాంగాలు ‘జు, జే, జో, ఖ’ అంటాయి, కొన్ని ‘ఖి, ఖు, ఖే, ఖో’ అంటాయి. రెండూ అచ్చుతప్పులు కావు. వరుస ప్రకారం శ్రవణానికి దక్కేది రెండోది. అయినా మనవాళ్లు మొదటిదాన్నే ఇష్టపడతారు. ‘జో’కు జ్యోతి దొరుకుతుంది, ‘ఖు’కు ఏం దొరుకుతుంది?

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పంచాంగంలో చిత్తా నక్షత్రం సోమవారం రాత్రి 10.20కి మొదలై మంగళవారం రాత్రి 9.44కి ముగుస్తుందని ఉందనుకోండి. మొత్తం 23 గంటల 24 నిమిషాలు. నాలుగో వంతు 5 గంటల 51 నిమిషాలు, అదీ పాదం నిడివి. ఎప్పుడూ ఆరు గంటలే అనుకుని లెక్కేస్తే ఇక్కడే తప్పుతారు. చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా కదులుతాడు కనుక పాదం నిడివి రోజురోజుకూ మారుతుంది. బిడ్డ మంగళవారం ఉదయం 9.52కి హైదరాబాదులో పుట్టింది. నక్షత్రం మొదలై 11 గంటల 32 నిమిషాలు. రెండు పాదాలు గడవడానికి ఇంకా పది నిమిషాలుంది. కాబట్టి రెండో పాదం, అక్షరం ‘పో’. పోతన, పోచయ్య, పోలమ్మ అని హాయిగా పెట్టుకున్న జాతి మనది. ఈ కాలపు తల్లిదండ్రులకు మాత్రం గుండె జారుతుంది. ఆ పది నిమిషాలు దాటి ఉంటే ‘రా’ వచ్చేది, రాశి కూడా కన్య నుంచి తులకు మారేది.

ఆ పది నిమిషాలు ఎంత గట్టివి? తెలుగునాట రెండు రకాల పంచాంగాలు నడుస్తున్నాయి. ఒకటి సూర్యసిద్ధాంతం వంటి పాత గ్రంథాల సూత్రాలతో, రెండోది ఆకాశంలో కనిపించే చంద్రుడితో సరిపోయే దృగ్గణితంతో. ఒకే నక్షత్రానికి ఈ రెండూ ఇచ్చే వేళల్లో కొన్నిసార్లు గంటల తేడా ఉంటుంది. రెండో పంచాంగంలో చిత్త 70 నిమిషాలు ముందే మొదలైతే, అదే బిడ్డకు మూడో పాదం, ‘రా’. ఇద్దరు పంతుళ్లు రెండు అక్షరాలు చెబితే, వారిలో ఒకరికి లెక్క రాదని అర్థం కాదు.

విదేశాల్లో మరో పొరపాటు జరుగుతుంది. అదే మంగళవారం ఉదయం 9.52కి బిడ్డ డాలస్‌లో పుట్టిందనుకోండి. తాతగారు ఆ వేళను హైదరాబాదు పంచాంగంలో నేరుగా చూసి ‘పో’ అనేస్తారు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక. బిడ్డ పుట్టినప్పుడు మనకు రాత్రి 8.22. చంద్రుడు అప్పటికే నాలుగో పాదంలో ఉన్నాడు. అక్షరం ‘రీ’. చలికాలమైతే తేడా పదకొండున్నర గంటలవుతుంది.

ఇంతకీ ఆ అక్షరానికి బిడ్డ జాతకంతో భౌతికమైన సంబంధం ఏమైనా ఉందా? పట్టిక అల్లిక చూశాక ఉందనడం కష్టం. ‘పో’ చిత్తకు దక్కింది ఆ తారలో ఏదో ధ్వని వినిపించి కాదు, గుణింతంలో ఆ వంతు అక్కడ పడి. పైగా అభిజిత్తును తీసేయగానే కొన్ని అక్షరాలకు ఇల్లే లేకుండా పోయింది. నా అంచనా ఏమిటంటే, ఇది గుర్తుకోసం చేసిన ఏర్పాటు. పుట్టిన వేళ రాసిపెట్టుకోని ఇళ్లలో, పేరు మొదటి అక్షరమే నక్షత్రాన్నీ పాదాన్నీ మోసుకెళ్లేది. పుట్టిన సమయం తెలియనివారికి ఈనాటికీ పేరునుబట్టి నామనక్షత్రం చూసి ముహూర్తం పెట్టడం ఈ పట్టికను తిరగేసి వాడటమే. కానీ తాతల పేర్లు, ఇలవేల్పుల పేర్లు పెట్టుకునే మన ఇళ్లలో ఆ గుర్తు చాలామంది విషయంలో చెల్లదు.

అక్షరం పాటించాలనుకునేవారు పుట్టిన సమయాన్ని నిమిషంతో సహా, ఊరి పేరుతో రాసి ఉంచుకోండి. ఏ పంచాంగం చూశారో పంతులుగారిని అడగండి. వచ్చిన అక్షరం నచ్చకపోతే జన్మనామం దానితో పెట్టి, పిలిచే పేరు, బడిలో రాసే పేరు మీ ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు. సంప్రదాయం దానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.